నాణెం మన చేతిలో ఉన్నప్పుడు

రాజపాళయం చుట్టుపక్కల, మా చోళపురానికి దగ్గర్లోనే ఉన్న ఛత్రపట్టి వైపు వెళ్తే, ఆసుపత్రులకు కావలసిన బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, చేతిపనిగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్న నాకు అలాంటి ఒక చిన్న యూనిట్ లెక్కలు చూసే పని దొరికింది. నేసిన ప్రతి లాటుకూ ఒక నంబరు ఉంటుంది. ఫలానా లాటులో ఏ నూలు వాడారు, ఏ రోజు నేశారు, ఎవరికి పంపారు అని ఎప్పుడైనా ఎవరైనా అడగవచ్చు. ఒక్కోసారి ఒక్క నంబరు కాకుండా, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా వరుసగా చూపించమంటారు. అందుకే హాష్ టేబుల్ సరిపోదు. నంబర్లన్నీ క్రమంలో ఉండాలి, మధ్యలో కొత్తవి చేరాలి, రద్దయినవి పోవాలి, అడిగింది వెంటనే దొరకాలి.

ఇలాంటి పనికి పాఠ్యపుస్తకం మొదట చూపించేది బైనరీ సెర్చ్ ట్రీ. చిన్న నంబరు ఎడమకు, పెద్ద నంబరు కుడికి. నంబర్లు కలగాపులగంగా వచ్చి చేరితే ఈ చెట్టులో ఒక నంబరును వెతకడానికి సగటున దాదాపు 1.39 log₂ n పోలికలు చాలు. n అంటే మొత్తం నంబర్లు. 50,000 లాట్లకు ఇది సుమారు 22. చాలా మంచి లెక్క. కానీ అందులో "కలగాపులగంగా వస్తే" అనే షరతు ఒకటి ఉంది.

మా యూనిట్‌లో అవి అలా రావు. ఐదు షెడ్లు, ఒక్కో షెడ్డుకు ఒక్కో సిరీస్: ఒకటి 1,00,001 నుంచి, ఇంకొకటి 2,00,001 నుంచి. ప్రతి షెడ్డులోనూ నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి వరుసగా పుడతాయి. వరుసగా పుట్టిన నంబరు ఎప్పుడూ తన ముందుదానికి కుడివైపే వేలాడుతుంది. అంటే చెట్టు కొమ్మలు వేయదు, ఐదు పొడవాటి గొలుసులుగా సాగిపోతుంది. ఒక్కో గొలుసులో 10,000 లాట్లుంటే ఒక నంబరు కోసం సగటున 5,000 అడుగులు వేయాలి. 22 అన్న పుస్తకం తప్పు చెప్పలేదు. దాని సగటు సాధ్యమైన అన్ని వరుసల మీదా తీసింది. మా షెడ్లు పంపేది వాటిలో ఒకే ఒక్క వరుస, అదీ చెడ్డ వరుసల్లో ఒకటి.

దీనికి పాత పరిష్కారం ఉంది. 1962లో సోవియట్ గణితవేత్తలు అడెల్సన్-వెల్‌స్కీ, లాండిస్ ఇచ్చిన ఏవీఎల్ ట్రీ, 1978లో గీబాస్, సెడ్జ్‌విక్ రూపం దిద్దిన రెడ్-బ్లాక్ ట్రీ. రెండింటి ఆలోచనా ఒకటే: చెట్టు ఒకవైపు ఒరుగుతుంటే వెంటనే సరిచేయాలి. 101, 102, 103 వరుసగా వస్తే మూడోది చేరగానే 102ను పైకి లాగి, 101ని దాని ఎడమకు దించుతారు. దీన్ని రొటేషన్ అంటారు. ఎన్ని లక్షల నంబర్లు ఏ వరుసలో వచ్చినా ఏవీఎల్ చెట్టు ఎత్తు సుమారు 1.44 log₂ n దాటదు, రెడ్-బ్లాక్ చెట్టు ఎత్తు 2 log₂ (n+1) దాటదు. ఇక్కడ సగటు ప్రసక్తే లేదు, గట్టి హామీ.

హామీ గట్టిదే, కానీ దాన్ని రాసి నిలబెట్టడం అంత తేలిక కాదు. చేర్చడం వరకు ఫరవాలేదు. రెడ్-బ్లాక్ చెట్టు నుంచి ఒక నోడ్‌ను తీసేసేటప్పుడు పక్క నోడ్ రంగు ఏమిటి, దాని పిల్లల రంగులేమిటి, ఎడమవైపా కుడివైపా అంటూ కేసులు విడిపోతాయి. ఒక్క కేసులో ఒక్క పాయింటర్ తప్పితే చెట్టు అప్పటికప్పుడు కూలదు. ఎన్నో తీసివేతల తర్వాత, ఎక్కడో, ఒక లాటు కనిపించకుండా పోతుంది.

1990 జూన్‌లో, అప్పుడు మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఉన్న విలియం ప్యూ 'కమ్యూనికేషన్స్ ఆఫ్ ద ఏసీఎం' పత్రికలో స్కిప్ లిస్టుల గురించి వ్యాసం ప్రచురించాడు. సంతులన చెట్లకు సంభావ్యత మీద నడిచే ప్రత్యామ్నాయం అని శీర్షికలోనే చెప్పుకున్నాడు. అది చదివినప్పుడు నన్ను ఆపింది దాని వేగం కాదు. ఒరిగిందా లేదా అని ఎక్కడా చూడకుండా, దేన్నీ సరిచేయకుండా, నాణెం ఎగరేసి వదిలేయడం.

నిర్మాణం ఇలా ఉంటుంది. కింది అంతస్తులో అన్ని నంబర్లూ క్రమంలో, ఒకదాని నుంచి మరోదానికి పాయింటర్‌తో, మామూలు లింక్డ్ లిస్టుగా ఉంటాయి. దాని పైన రెండో అంతస్తు, అందులో కొన్ని నంబర్లే ఉంటాయి. మూడోదానిలో ఇంకా తక్కువ. పై అంతస్తులో ఒక్క అడుగు వేస్తే కింద ఎన్నో నోడ్లు దాటిపోతాం. విరుదునగర్ నుంచి సెంగోట్టై వెళ్లే మా లైనులో ఎక్స్‌ప్రెస్ ఎక్కి పెద్ద స్టేషన్లో దిగి, అక్కడ ప్యాసింజర్ పట్టుకున్నట్టు అన్నమాట. తేడా ఒక్కటే, కానీ అదే అసలు సంగతి. శివకాశిలో, రాజపాళయంలో ఎక్స్‌ప్రెస్ ఆగేది అవి పెద్ద ఊళ్లు కాబట్టి. స్కిప్ లిస్టులో పై అంతస్తుకు వెళ్లిన నంబరుకు ఏ ప్రత్యేకతా ఉండదు. అది చేరిన రోజు నాణెం బొమ్మ పడింది, అంతే.

నియమం చిన్నది. కొత్త నంబరు వచ్చినప్పుడు దాని ఎత్తు 1తో మొదలుపెట్టి నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే ఎత్తు ఒకటి పెంచి మళ్లీ ఎగరేయాలి. బొరుసు పడితే ఆపేయాలి. ఆ ఎత్తు ఎంతో, ఆ నంబరు అన్ని అంతస్తుల్లో ఉంటుంది. ఇక దాని ఎత్తు ఎప్పటికీ మారదు.

చిన్న ఉదాహరణ చేతితో చేసి చూద్దాం. పన్నెండు నంబర్లు: 12, 17, 20, 26, 31, 38, 43, 49, 55, 62, 70, 81. నాణేలు ఎగరేశాక 31కి ఎత్తు 4, 62కి 3, 17, 43, 81లకు 2, మిగతావాటికి 1 వచ్చాయనుకుందాం. అంటే నాలుగో అంతస్తులో 31 ఒక్కటే. మూడో అంతస్తులో 31, 62. రెండో అంతస్తులో 17, 31, 43, 62, 81. కింద అన్నీ.

ఇప్పుడు 55 కావాలి. పై అంతస్తు మొదట్లో నిలబడి ముందున్నది చూస్తాం. 31, అది 55 కన్నా చిన్నది, కాబట్టి దాని మీదికి వెళ్తాం. ఆ అంతస్తులో తర్వాత ఏమీ లేదు, ఒక అంతస్తు దిగుతాం. ఇక్కడ 31 తర్వాత 62, అది పెద్దది. వెళ్తే దాటిపోతాం, అందుకే మళ్లీ దిగుతాం. రెండో అంతస్తులో 31 తర్వాత 43, చిన్నది, వెళ్తాం. దాని తర్వాత మళ్లీ 62, దిగుతాం. కింది అంతస్తులో 43 తర్వాత 49, వెళ్తాం. దాని ముందున్నదే 55. దొరికింది. చూసిన నంబర్లు వరుసగా 31, 62, 43, 62, 49, 55. మామూలు లిస్టులో తొమ్మిదో నోడ్ దాకా నడవాల్సింది ఆరు పోలికలతో అయింది. ఆ ఆరులోనూ 62ను రెండుసార్లు చూశాం. పై అంతస్తులో పెద్దదని తేలిన నోడే కింద మళ్లీ ఎదురైతే పోల్చకుండా దిగిపోవచ్చు, ఆ పొదుపు కూడా సాధ్యమే. పన్నెండు నంబర్ల దగ్గర ఈ తేడా అంతగా కనిపించదు. అంతస్తుల సంఖ్య లాగరిథమ్‌లో పెరుగుతుంది కాబట్టి వేలకు వెళ్లేసరికి ఆ తేడా పెద్దదవుతుంది.

చేర్చడం ఇంకా తేలిక. 58 రావాలి. ముందు దాన్ని వెతుకుతాం, ఒక్కో అంతస్తులో ఏ నోడ్ దగ్గర దిగామో గుర్తుపెట్టుకుంటాం: నాలుగులో 31, మూడులో 31, రెండులో 43, ఒకటిలో 55. తర్వాత నాణెం. బొమ్మ, ఆ పైన బొరుసు, అంటే ఎత్తు 2. కింది అంతస్తులో 55 నుంచి 62కు పోతున్న పాయింటర్‌ను 58కి తిప్పి, 58 నుంచి 62కు కలుపుతాం. రెండో అంతస్తులో 43కూ 62కూ మధ్య అదే పని చేస్తాం. మూడు, నాలుగు అంతస్తులను ముట్టుకోనక్కర్లేదు. పని అయిపోయింది. తీసేయడం అంటే ఇదే వెనక్కి. రంగులు లేవు, కేసులు లేవు, రొటేషన్ లేదు.

ఇంత నిర్లక్ష్యంగా కట్టినదాన్ని వెతకడానికి లాగరిథమ్ అడుగులు ఎలా చాలుతాయి? నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ప్యూ చేసిన పని, వెతికిన దారిని తలకిందులుగా చూడటం. 55 దగ్గర నిలబడి, వచ్చిన దారినే వెనక్కి నడవండి. ఏ నోడ్ దగ్గరైనా రెండే అవకాశాలు. ఆ నోడ్‌కు పై అంతస్తు ఉంటే పైకెక్కుతాం, ఎందుకంటే వెతికేటప్పుడు అక్కడినుంచే దిగాం. లేకపోతే ఎడమకు ఒక అడుగు వేస్తాం. మరి ఆ నోడ్‌కు పై అంతస్తు ఉందా? అది ఆ నోడ్ చేరినప్పుడు ఎగరేసిన నాణెం. మన లెక్కకు మాత్రం దాన్ని ఇప్పుడే ఎగరేసినా తేడా లేదు, ఎందుకంటే ఇంతవరకు నడిచిన దారిలో ఆ నాణెం ఫలితాన్ని మనం చూడలేదు.

కాబట్టి వెనక్కి నడిచే ప్రతి అడుగూ ఒక కొత్త నాణెం. బొమ్మ పడే సంభావ్యతను p అందాం. k అంతస్తులు ఎక్కడానికి పట్టే సగటు అడుగులు C(k) అయితే, ఒక అడుగు వేశాక p అవకాశంతో ఇంకా k−1 అంతస్తులు మిగులుతాయి, 1−p అవకాశంతో ఉన్నచోటే ఉంటాం:

```
C(k) = 1 + p·C(k−1) + (1−p)·C(k)
C(k) = C(k−1) + 1/p
C(k) = k/p
```

మామూలు నాణేనికి p = 1/2. ఒక్కో అంతస్తు ఎక్కడానికి సగటున రెండు అడుగులు. అంతస్తులు ఎన్ని? కింద n నంబర్లుంటే పైన సగం, ఆ పైన పాతిక వంతు, అలా log₂ n అంతస్తులకు ఒకటి రెండు నోడ్లే మిగులుతాయి. మొత్తం దాదాపు 2 log₂ n అడుగులు, ఆ పైన చిన్న స్థిరాంకం. 50,000 లాట్లకు సుమారు 31. రెడ్-బ్లాక్ చెట్టు ఇంతకు మించి ఎత్తు పెరగనని ఇచ్చే హామీ కూడా దాదాపు అంతే కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. న్యాయంగా చెప్పాలంటే ఆ చెట్టు ఆచరణలో దానికన్నా బాగా పొట్టిగానే ఉంటుంది. పోలికల లెక్కలో చెట్టుదే పైచేయి.

పై లెక్కలో ఎక్కడా లేనిదొకటి ఉంది. లాటు నంబరు. p ఉంది, k ఉంది. నంబర్లు ఏమిటి, ఏ వరుసలో వచ్చాయి, ఏ షెడ్డు ముందు పంపింది అన్నవి ఎక్కడా లేవు. 12 నుంచి 81 దాకా ఎక్కే వరుసలో చేర్చినా, దిగే వరుసలో చేర్చినా, ఎత్తులు నాణెం మీద ఆధారపడతాయి కాబట్టి లిస్టు రూపం అదే సంభావ్యతతో వస్తుంది.

నేను నేర్చుకున్నది ఇదే. లాగరిథమ్ సగటును మామూలు బైనరీ చెట్టూ చెప్తుంది, స్కిప్ లిస్టూ చెప్తుంది. చెట్టు చెప్పే సగటులోని యాదృచ్ఛికత బయటినుంచి రావాలి. నంబర్లు పంపేవాళ్లు వాటిని కలిపి పంపాలి. మా షెడ్లకు ఆ బాధ్యత ఎవరూ అప్పగించలేదు, వాళ్లు తీసుకోరు కూడా. స్కిప్ లిస్టులోని యాదృచ్ఛికత మాత్రం ప్రోగ్రాం లోపల ఉంది, దాన్ని నేనే పుట్టిస్తున్నాను. నంబర్లు ఎంత చెడ్డ వరుసలో వచ్చినా నా నాణెం మారదు. చెట్టుకు చెడ్డ ఇన్‌పుట్ అనేది ఉంటుంది. స్కిప్ లిస్టుకు ఉండదు, ఎప్పుడైనా నాణేలు వరసగా చెడ్డగా పడటం మాత్రమే ఉంటుంది.

అలా పడితే? పడే అవకాశం ఎంతో లెక్క కట్టవచ్చు. ఒక నోడ్ ఎత్తు h అంతస్తులు దాటే అవకాశం 1/2ను h సార్లు గుణిస్తే వచ్చేది. పది లక్షల నంబర్లలో ఏ ఒక్కటైనా 40 అంతస్తులు దాటే అవకాశం దాదాపు పది లక్షల్లో ఒక వంతు. వెతికే సమయం గురించి ప్యూ ఇచ్చిన లెక్క ఇంకా ధైర్యం ఇస్తుంది: 250కి మించి నంబర్లున్న లిస్టులో ఒక వెతుకులాట సగటుకు మూడు రెట్లు పట్టే అవకాశం పది లక్షల్లో ఒకటి కన్నా తక్కువ. పైగా ఆ చెడ్డ ఫలితం వచ్చినా నష్టం సమయమే. జవాబు తప్పు కాదు. కింది అంతస్తు ఎప్పుడూ క్రమంలోనే ఉంటుంది కాబట్టి నాణెం ఎలా పడినా అడిగిన లాటు దొరికితీరుతుంది.

ఈ మంచి గుణమే ఒక చిక్కు తెచ్చిపెడుతుందని మాత్రం ఒక కుర్రాడి ప్రోగ్రాం చూసినప్పుడు అర్థమైంది. ఇంజనీరింగ్ చదువుతున్న అతను స్కిప్ లిస్ట్ రాసి, 50,000 నంబర్లు వేసి నా దగ్గరికి తెచ్చాడు. "లిస్టు సరిగ్గానే ఉందన్నా, అడిగిన నంబరు ప్రతిసారీ దొరుకుతోంది. కానీ మామూలు లిస్టంత నెమ్మదిగా ఉంది" అన్నాడు. వెతికే భాగం, చేర్చే భాగం రెండూ చూశాను, తప్పు లేదు. ఎన్ని పరీక్షలు రాసినా అన్నీ నెగ్గుతాయి, ఎందుకంటే పరీక్షలు జవాబునే చూస్తాయి. ఆ ప్రోగ్రాంలో నాణెం ఇలా ఉంది:

```c
static unsigned s = 1;

int toss(void) {
    s = s * 1103515245u + 12345u;
    return s & 1;
}

int height(void) {
    int h = 1;
    while (h < 16 && toss())
        h++;
    return h;
}
```

గుణకం, కూడేది రెండూ బేసి సంఖ్యలు. s బేసి అయితే బేసిని బేసితో గుణించి బేసి కలిపితే సరి సంఖ్య. s సరి అయితే తర్వాతది బేసి. 32 బిట్లు దాటినది తెగిపోయినా చివరి బిట్ మీద దాని ప్రభావం ఉండదు. కాబట్టి `s & 1` ఇచ్చేది 0, 1, 0, 1, 0, 1, అంతే. మొదటి నంబరుకు 0 పడింది, ఎత్తు 1. రెండోదానికి 1, ఆపైన 0, ఎత్తు 2. మూడోదానికీ 1, 0. నాలుగోదానికీ అదే. ఇక చివరిదాకా ఎత్తు రెండే.

దీన్ని కనిపెట్టే మార్గం సులువు. ఒక్కో అంతస్తులో ఎన్ని నోడ్లున్నాయో లెక్కపెట్టి ముద్రించమన్నాను. వచ్చింది ఇది:

```
1: 50000
2: 49999
3: 0
```

రావలసింది 50,000, దాదాపు 25,000, దాదాపు 12,500, అలా సగం సగం. ఈ "దాదాపు"కీ కొలత ఉంది. 50,000 నాణేల్లో బొమ్మల సంఖ్య 25,000 నుంచి మామూలుగా 112 అటూఇటూ ఉంటుంది, 350 దాకా తప్పితేనే అనుమానించాలి. 49,999 వచ్చిందంటే అది దురదృష్టం కాదు, నాణేనికి రెండు వైపులూ లేవని. రెండో అంతస్తు కిందిదానికి నకలు అయినప్పుడు దేన్ని దాటుతాం? పైన నడిచినా కింద నడిచినా ఒకటే దూరం.

ఈ తరహా జనరేటర్లలో కింది బిట్లు త్వరగా తిరిగొస్తాయి, పై బిట్లు చాలా ఆలస్యంగా. సీ భాష ప్రమాణంలో చూపించిన నమూనా `rand` ఇదే గుణకం వాడినా, ఫలితాన్ని 65536తో భాగించి కింది పదహారు బిట్లను పారేస్తుంది. కుర్రాడు ఆ గుణకం తీసుకున్నాడు, భాగహారం వదిలేశాడు. `return s >> 31;` అని మార్చగానే అంతస్తులు సగం సగంగా కుదిరాయి, వెతుకులాట క్షణాల్లోకి వచ్చింది. చెట్టులో ఇలాంటి లోపానికి తావు లేదు, దానికి నాణెమే అక్కర్లేదు. స్కిప్ లిస్ట్ రాసేవాళ్లు మాత్రం జవాబులతోపాటు అంతస్తుల జనాభా లెక్కనూ పరీక్షల్లో చేర్చుకోవాలని అప్పటినుంచి అందరికీ చెప్తున్నాను.

p సగమే కావాలని లేదు. నాలుగో వంతు పెట్టి చూడండి. ఒక అంతస్తు ఎక్కడానికి సగటున నాలుగు అడుగులు పడతాయి, కానీ అంతస్తులు log₄ n, అంటే సగమే. నాలుగింట సగం రెండు, మొత్తం మళ్లీ 2 log₂ n. వెతికే ఖర్చు మారలేదు, జాగా మాత్రం తగ్గింది. p సగమైతే నోడ్‌కు సగటున రెండు పాయింటర్లు, నాలుగో వంతయితే 1.33. మా 50,000 లాట్లకు లక్ష పాయింటర్ల బదులు 67,000 లోపే. చెట్టుకు ఎడమా కుడీ కలిపి లక్ష ఎలాగూ కావాలి, రంగు గుర్తు అదనం. ప్యూ కూడా మామూలుగా 1/4 వాడమనే సలహా ఇచ్చాడు. సమయం ఒకసారికీ ఇంకోసారికీ మరీ మారకూడదనుకుంటేనే 1/2.

ఇప్పుడు ఎంతోమంది రోజూ వాడే రెడిస్ డేటాబేస్ ఆ సలహానే పాటించింది. అందులోని సార్టెడ్ సెట్ స్కిప్ లిస్ట్‌ను వాడుతుంది, దాని కోడ్‌లో `ZSKIPLIST_P` విలువ 0.25. రెడిస్‌ను సృష్టించిన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో చెట్టు ఎందుకు వాడలేదో చెప్పినప్పుడు, కోడ్ సులువుగా ఉండటాన్ని, ఒక చోటు నుంచి వరుసగా నడిచే పనులకు లింక్డ్ లిస్ట్ నడక బాగా కుదరడాన్ని కారణాలుగా చెప్పాడు. ప్రతి పాయింటర్ పక్కన అది ఎన్ని నోడ్లు దాటుతుందో కూడా రెడిస్ రాసిపెట్టుకుంటుంది. వెతుకుతూ పోయేటప్పుడు ఆ సంఖ్యలు కూడుకుంటే, ఆ నంబరు మొత్తంలో ఎన్నో స్థానంలో ఉందో తెలిసిపోతుంది. మా లాట్లకు ఫలానా నుంచి ఫలానా దాకా అనే ప్రశ్న ఎక్కువ కాబట్టి ఈ రెండూ నాకు బాగా పనికొచ్చాయి.

అనేక త్రెడ్లు ఒకేసారి రాసేచోట స్కిప్ లిస్ట్ బలం ఇంకా పెరుగుతుంది. రొటేషన్ అంటే చెట్టులో పైన ఉన్న నోడ్లు కూడా స్థానాలు మారడం, ఆ క్షణంలో అటుగా వెళ్తున్న మరో త్రెడ్ దారి తప్పవచ్చు. స్కిప్ లిస్టులో కింది అంతస్తులో ఒక్క పాయింటర్ తిరగగానే నంబరు చేరినట్టే. పై అంతస్తులు తర్వాత తీరిగ్గా కలపవచ్చు, కలిపేదాకా వెతుకులాట కొంచెం నెమ్మదిస్తుందే తప్ప తప్పు జవాబు ఇవ్వదు. 2006లో వచ్చిన జావా 6లో `ConcurrentSkipListMap` చేర్చింది అందుకే. చెట్టయితే వెతకడం కాస్త వేగమేనని, కానీ తాళాలు లేకుండా చేర్చి తీసేసే సమర్థమైన పద్ధతి చెట్లకు తెలియదని దాని కోడ్‌లోని వ్యాఖ్యే చెప్తుంది.

అయినా అన్నిచోట్లా స్కిప్ లిస్టే వాడమని నేను చెప్పను. ఒకే త్రెడ్, జ్ఞాపకంలోనే డేటా, ఎక్కువగా వెతకడమే అయితే ఒక నోడ్‌లో చాలా నంబర్లు పక్కపక్కన పెట్టుకునే బీ-ట్రీ రెండింటినీ దాటిపోతుంది. స్కిప్ లిస్టులో ప్రతి అడుగూ జ్ఞాపకంలో ఇంకెక్కడికో దూకడమే, ప్రాసెసర్ కాష్‌కు అది నచ్చదు. ఏ ఒక్కసారి కూడా గడువు దాటకూడని యంత్రాల్లో సగటు హామీ చాలదు, అక్కడ చెట్టే సరి.

నాణెం మన చేతిలో ఉండటంతో సరిపోదు, అది ఎలా పడిందో అవతలివాడికి కనిపించకూడదు కూడా. ప్యూ స్వయంగా దీన్ని హెచ్చరించాడు. ఎత్తులు తెలిసినవాడు, ఎత్తు ఒకటికి మించిన నంబర్లన్నిటినీ ఏరి తీసేయమంటే, మిగిలేది మామూలు లింక్డ్ లిస్ట్. మన గణితం అక్కడ చెల్లదు, ఎందుకంటే నాణేలు పడ్డాక వాటిని చూసి ఇన్‌పుట్ ఎంచుకున్నారు. మొదలుపెట్టే విత్తనం ఎప్పుడూ ఒకటే అయినా ఇదే ప్రమాదం, ఎత్తుల వరుసను ఎవరైనా ముందే లెక్కకట్టుకోవచ్చు. మా యూనిట్‌లో అంత కక్ష ఉన్నవాళ్లు లేరు. బయటివాళ్లు నంబర్లు పంపి, తీసేయించగలిగే సర్వర్‌లో మాత్రం విత్తనాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ నుంచే తీసుకుంటాను, ఎత్తులను ఏ రిపోర్టులోనూ బయటపెట్టను.

నాణెం లేకుండానే స్కిప్ లిస్ట్ కట్టవచ్చా అని 1992లో ముగ్గురు ప్రయత్నించారు: మన్రో, పాపడాకిస్, సెడ్జ్‌విక్. ఒక అంతస్తులో పక్కపక్కనున్న రెండు ఎత్తైన నోడ్ల మధ్య, ఒక మెట్టు పొట్టివి ఒకటి, రెండు లేదా మూడే ఉండాలని నియమం పెట్టారు. నాలుగోది చేరబోతే మధ్యదాన్ని పైకి ఎత్తుతారు. గట్టి హామీ వచ్చింది, సగటు మాట పోయింది. కానీ ఆ నియమాన్ని జాగ్రత్తగా చూస్తే, ఒక్కో నోడ్‌లో ఒకటి నుంచి మూడు నంబర్ల దాకా పెట్టుకునే 2-3-4 ట్రీ అనే సంతులన చెట్టుకు అది సరిగ్గా సమానం. పద్నాలుగేళ్ల ముందు గీబాస్‌తో కలిసి సెడ్జ్‌విక్ ఎరుపు నలుపు రంగులతో రాసి చూపించింది కూడా ఆ కుటుంబపు చెట్లనే.